పొగమంచు ఫోటోలో మనిషిని అతికించడం: నలుపు కొలిచి మంచు వేసే పద్ధతి

లంబసింగి దగ్గర డిసెంబరు పొద్దున తీసిన రోడ్డు ఫోటో ఒకటి, ఇంటి డాబా మీద తీసిన మనిషి ఫోటో ఒకటి ఉన్నాయనుకోండి. మనిషిని జుట్టుతో సహా శుభ్రంగా కట్ చేసి రోడ్డు మీద నిలబెట్టినా, అతను ఆ రోడ్డు మీద ఉన్నట్టు అనిపించడు. ఆ ఫోటోను గోడకు తగిలించి దాని ముందు నిలబడినట్టు అనిపిస్తాడు. అప్పుడు చాలామంది మంచు ఓవర్‌లే ఒకటి తెచ్చి మొత్తం బొమ్మ మీద పరుస్తారు. అప్పటికే మంచు పట్టిన రోడ్డు మీద ఇంకో పొర మంచు పడుతుంది, మనిషి మీదా అంతే పడుతుంది. ఇద్దరి మధ్య ఉన్న తేడా కొంచెం తగ్గుతుందే తప్ప పోదు. అందుకే ముందుగా మంచు మనిషి ఒక్కడి మీదే పడాలి. అది ఎంత పడాలో కంటితో ఊహించనక్కర్లేదు, కొలవవచ్చు.

మంచు ఫోటోలో రెండు పనులు చేస్తుంది. వస్తువు నుంచి కెమెరా వైపు వచ్చే వెలుగులో కొంత భాగాన్ని దారిలోనే చెదరగొడుతుంది. అదే సమయంలో చుట్టూ ఉన్న వెలుగును పట్టి తన రంగును ఆ వస్తువు మీద కలుపుతుంది. దూరం పెరిగేకొద్దీ వస్తువు రంగు వాటా తగ్గి మంచు రంగు వాటా పెరుగుతుంది. ఈ కలయిక అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది నల్లటి వస్తువుల్లో. నలుపుకు సొంత వెలుగు దాదాపు లేదు కాబట్టి, దూరాన ఉన్న నల్ల టైరు బూడిద రంగులో కనిపిస్తే ఆ బూడిదంతా మంచు ఇచ్చిందే. మన కొలతకు ఆధారం ఇదే.

కింద చెప్పేవన్నీ ఫోటోషాప్‌కు. బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే ఫోటోపీలో కూడా ఇవే లేయర్లు, ఇదే క్లిప్పింగ్ ఉన్నాయి. మొదలుపెట్టేముందు ఫైల్‌ను `Image > Mode > 16 Bits/Channel` లోకి మార్చండి. మంచులో ఛాయలు చాలా మెల్లగా మారతాయి. 8 బిట్‌లో నాలుగైదు సార్లు సర్దుబాటు చేసేసరికి ఆ మెల్లని మార్పు చారలు చారలుగా విడిపోతుంది.

ముందు పాదాల చోటు తేల్చండి

మనిషి ఎంత దూరంలో ఉన్నాడో తెలియకుండా మంచు లెక్క కుదరదు. సమతలంగా ఉన్న రోడ్డు మీద దూరాన్ని చెప్పేది హొరైజన్ గీత. మంచులో అది కనిపించదు కాబట్టి, రోడ్డు రెండు అంచులనూ గీతలుగా పొడిగించి అవి కలిసే చోట ఒక గైడ్ పెట్టండి. అక్కడి నుంచి కిందికి ఎన్ని పిక్సెళ్ల దూరంలో పాదాలు ఉన్నాయన్నదే మనిషి దూరాన్ని నిర్ణయిస్తుంది. ఆ పిక్సెళ్లు సగమైతే అసలు దూరం రెట్టింపు అయినట్టు.

మన ఉదాహరణలో కెమెరా నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉంది. మనిషి పాదాలు హొరైజన్‌కు 400 పిక్సెళ్ల కింద పెడుతున్నాం. అంటే ఆ చోట 400 పిక్సెళ్లు 1.5 మీటర్లకు సమానం. 1.7 మీటర్ల మనిషి దాదాపు 453 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి, హొరైజన్ గీత అతని గడ్డం దగ్గరో మెడ దగ్గరో వెళ్లాలి. ఇది తప్పితే తరువాత ఎంత చక్కగా మంచు వేసినా అతను మరుగుజ్జులాగానో రాక్షసుడిలాగానో కనిపిస్తాడు.

వెలుగు సరిచేయకుండా మంచు వేయకండి

ఎక్కువ బొమ్మలు చెడేది ఇక్కడే. దట్టమైన మంచులో వేరే దీపం లేదు, చుట్టూ ఉన్న తెల్లటి గాలే దీపం. ఆ వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తుంది, నేల వైపు నుంచి మాత్రం తక్కువగా వస్తుంది. అందుకని మంచులో నిలబడిన మనిషి తెల్ల చొక్కా కూడా వెనక ఉన్న మంచు కంటే ముదురుగానే కనిపిస్తుంది. నిజమైన మంచు ఫోటోలు నాలుగు తెరిచి చూడండి, తెల్లటి బట్టలు బూడిద రంగులో ఉంటాయి. డాబా మీద ఎండలో తీసిన చొక్కా మాత్రం, నలుపు 0, తెలుపు 255 అయిన పిక్సెల్ అంకెల్లో, 240 దగ్గర మెరుస్తూ ఉంటుంది.

మనిషి లేయర్ మీద ఒక Levels సర్దుబాటు లేయర్ పెట్టి, అది మనిషి మీద మాత్రమే పనిచేసేలా `Ctrl+Alt+G` తో దాన్ని మనిషికి క్లిప్ చేయండి. Output Levels కుడి చివర ఉన్న 255ను 175కు దించండి. 240 ఉన్న చొక్కా 165 దగ్గరికి వస్తుంది, 16 ఉన్న జుట్టు నలుపు 11కు దిగుతుంది. ఈ దశలో మనిషి మరీ చీకటిగా కనిపిస్తాడు. కంగారు పడి వెనక్కి పెంచకండి, మంచు పడ్డాక అతను మళ్లీ తేలతాడు.

ముఖంలో ఒక వైపు ఎండ, ఇంకో వైపు గట్టి నీడ ఉంటే మాత్రం ఆ ఫోటో ఈ పనికి రాదు. ముక్కు కింద గీసినట్టున్న నీడను మంచు దాచలేదు, లేతగా చేసి చూపిస్తుందంతే. మబ్బు పట్టిన రోజునో, సాయంత్రం గోడ నీడలోనో తీసిన ఫోటో వెతుక్కోవడం మేలు.

కొలత

ఐడ్రాపర్ టూల్ తీసుకుని పైన Sample Size లో `5 by 5 Average` పెట్టండి. ఒక్క పిక్సెల్ కొలిస్తే నాయిస్ వల్ల అంకె తప్పు వస్తుంది. `Window > Info` తెరిచి మూడు అంకెలు రాసుకోండి.

మొదటిది మంచు రంగు. దీన్ని ఆకాశం పైభాగం నుంచి తీయకూడదు, అక్కడ మంచు పలచబడి వెలుగు ఎక్కువగా ఉంటుంది. రోడ్డు మంచులో కలిసిపోయే చోట, మనిషి నడుముకూ తలకూ మధ్య ఎత్తులో తీయండి. మన ఫోటోలో అది 196, 201, 206 వచ్చింది. కొంచెం నీలం వైపు ఉంది, పొద్దుటి మంచుకు అది సహజమే.

రెండోది, మనిషి నిలబడే దూరంలోనే ఉన్న నల్ల వస్తువు. రోడ్డు పక్కన ఆపిన స్కూటర్ టైరు పాదాల వరుసలోనే ఉంది. అది 78 వచ్చింది. మూడోది, వెలుగు తగ్గించాక మనిషిలోని అతి ముదురు చోటు, అంటే జుట్టు లోపలి నలుపు. అది 11.

```
Opacity % = (D − d) / (A − d) × 100
A = 201, D = 78, d = 11
(78 − 11) / (201 − 11) × 100 = 35
```

మూడూ గ్రీన్ ఛానెల్ అంకెలే తీసుకున్నాం. వెలుగును ఎక్కువగా మోసేది అదే కాబట్టి లెక్కకు అది చాలు.

అదే దూరంలో టైరు లాంటిది దొరకకపోతే, ముందు ఒకటి, వెనక ఒకటి నల్లటివి వెతకండి. తడిసిన చెట్టు మొదలు నలుపుకు దగ్గరగానే ఉంటుంది. ఈ ఫోటోలో ముందు చెట్టు మొదలు హొరైజన్‌కు 600 పిక్సెళ్ల కింద ఉంది, దాని నలుపు 59. వెనక చెట్టుది 300 పిక్సెళ్ల కింద, నలుపు 95. దూరాలు పిక్సెళ్లకు తలకిందులుగా మారతాయి కాబట్టి ముందు చెట్టు దూరం 1 అనుకుంటే వెనకది 2, మన మనిషి 1.5. సరిగ్గా మధ్యలో ఉన్నాడు. రెండు నలుపుల సగటు 77, టైరు ఇచ్చిన 78తో దాదాపు కలిసింది. బొమ్మ మీద కంటికి సగంగా కనిపించే చోటు 450 పిక్సెళ్ల దగ్గర ఉంటుంది. దాన్ని సగం దూరం అనుకుంటే లెక్క తప్పుతుంది.

మంచు పొర వేయడం

మనిషి, అతని Levels లేయర్ల పైన `Layer > New Fill Layer > Solid Color` తీసుకుని 196, 201, 206 ఇవ్వండి. దాన్నీ మనిషికి క్లిప్ చేయండి. బ్లెండ్ మోడ్ Normal లోనే ఉంచి ఓపాసిటీ 35 పెట్టండి.

Screen మోడ్ ఎందుకు వద్దంటే, అది వెలుగును కలుపుతుందే కానీ తీసేయదు. నలుపు లేస్తుంది, తెలుపు కూడా ఇంకా పైకి లేస్తుంది. నిజమైన మంచులో నలుపు పైకి రావడం, మంచు కంటే వెలుగైనవి కిందికి దిగడం రెండూ జరుగుతాయి. అన్నీ మంచు రంగు వైపు నడుస్తాయి. Normal మోడ్‌లో ఘనమైన రంగు చేసేది కూడా ఇదే. రంగుల గాఢతను విడిగా Hue/Saturation తో తగ్గించాల్సిన పని కూడా లేదు. ఎర్ర శాలువా 35 శాతం బూడిదతో కలిసేసరికి తానే పాలిపోతుంది. విడిగా కూడా తగ్గిస్తే ముఖం నిర్జీవమైపోతుంది.

ఇప్పుడు నలుపు 78 దగ్గర, చొక్కా 178 దగ్గర ఉంటాయి. రెండు చివరలూ కుదిరినా మధ్య ఛాయలు, ముఖ్యంగా ముఖం, కాస్త పాలు పోసినట్టు తెల్లబడి కనిపించవచ్చు. గాలిలో వెలుగు కలిసే తీరుకూ, ఫోటోషాప్ పిక్సెల్ అంకెలను కలిపే తీరుకూ తేడా ఉంది. వెలుగు నేరుగా కూడుతుంది, పిక్సెల్ అంకెలు మాత్రం కంటికి తగ్గట్టు వంపు తిప్పి రాసినవి. మంచు పొర కింద ఒక Curves లేయర్ క్లిప్ చేసి, గీత మధ్య భాగాన్ని 15 నుంచి 20 అంకెలు కిందికి లాగితే ఆ తేడా చాలావరకు పోతుంది. చివరలను కదిలించకండి.

ఇద్దరు మనుషులు వేరు వేరు దూరాల్లో ఉంటే ఇద్దరికీ ఒకే మంచు పొర చాలదు. ఒక్కొక్కరికి విడిగా కొలిచి విడిగా క్లిప్ చేయాలి. ఒకే మనిషి చాచిన చేయికీ వీపుకీ మాత్రం తేడా పెట్టనక్కర్లేదు, మన మనిషి ఉన్న 15 మీటర్ల దూరంలో అర మీటరు లెక్కలోకి రాదు.

పరీక్ష

అన్నిటి పైన తాత్కాలికంగా ఒక Threshold లేయర్ పెట్టి, అంకెను 70 దగ్గర ఉంచండి. దానికంటే ముదురైనవన్నీ నల్లగా, మిగతావి తెల్లగా కనిపిస్తాయి. ముందు చెట్టు మొదలు నల్లగా ఉండాలి. స్కూటర్ టైరు, మన మనిషి ఇద్దరూ తెల్లగా ఉండాలి. తరువాత అంకెను మెల్లగా పెంచుతూ పోతే టైరు, మనిషి జుట్టు దాదాపు ఒకేసారి నల్లబడాలి. మనిషే ముందు నల్లబడితే మంచు చాలలేదు, టైరు ముందు నల్లబడితే ఎక్కువైంది.

ఈ పరీక్షలో ఎక్కువసార్లు దొరికిపోయేది మనిషి కాదు, అతని నీడ. నీడ లేయర్‌ను Multiply లో నల్ల రంగుతో వేయడం అందరికీ అలవాటు. అది మంచు పట్టిన రోడ్డును మంచు కింద ఉన్న నలుపు కంటే కూడా కిందికి దించేస్తుంది. నిజంగా ఆ దూరంలో 78 కంటే ముదురైనది ఏదీ ఉండడానికి వీల్లేదు. అక్కడ రోడ్డు 120 ఉంటే చెప్పుల కింద నీడ 95 కంటే దిగనీయకండి. దాని ఆకారం కూడా సాగిన మనిషి ఆకారం కాకూడదు. మంచులో నీడ పాదాల కిందా, చుట్టూ ఒక జానెడు మేరా మసకగా ఉండి కరిగిపోతుంది, అంతే.

ఆ తరువాత `Ctrl+3`, `Ctrl+4`, `Ctrl+5` నొక్కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా చూడండి. రంగులో బాగున్నట్టనిపించిన మనిషి నీలం ఛానెల్‌లో నల్లగా పొడుచుకొచ్చాడంటే, అతని ఫోటోలో పసుపు వెలుగు మిగిలి ఉంది. Levels లో నీలం ఛానెల్ ఒక్కదాన్నే కొంచెం పైకి లేపి సరిచేయండి. మళ్లీ రంగులోకి రావడానికి `Ctrl+2`.

అంచులు, పదును, గింజ

మంచు వెలుగు మనిషి అంచుల మీదుగా కొంచెం లోపలికి చిందుతుంది. కటౌట్ అంచు బ్లేడుతో కోసినట్టు ఉంటే ఆ చిందు లేదని కన్ను పట్టేస్తుంది. మనిషి మంచు పొర పైన ఇంకో Solid Color అదే రంగులో క్లిప్ చేసి, మాస్క్‌ను పూర్తిగా నల్లగా నింపండి. మనిషి లేయర్ థంబ్‌నెయిల్ మీద Ctrl క్లిక్ చేసి సెలెక్షన్ తెచ్చి, దాన్ని తిరగేసి, మాస్క్‌లో తెలుపు నింపండి. సెలెక్షన్ వదిలేసి మాస్క్‌కు 4 నుంచి 6 పిక్సెళ్ల Gaussian Blur ఇవ్వండి. తెలుపు లోపలి అంచు వైపు కొద్దిగా పాకుతుంది. ఓపాసిటీ 30 దాటనీయకండి, దాటితే మనిషి చుట్టూ దేవుడి పటంలో ఉన్నట్టు కాంతివలయం వస్తుంది.

జుట్టు చుట్టూ పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు గీతలా మిగిలితే, మనిషి లేయర్ మీద `Layer > Matting > Defringe` లో 1 పిక్సెల్ చాలు. ఇది మాస్క్ ఉన్న లేయర్ మీద పనిచేయదు, కాపీ తీసుకుని మాస్క్ అప్లై చేశాక వాడాలి.

పదును విషయంలో స్కూటర్ నంబర్ ప్లేటు అంచును, మనిషి కాలరు అంచును 100 శాతం జూమ్‌లో పక్కపక్కన చూడండి. మనిషే పదునుగా ఉంటే 0.5 నుంచి 1 పిక్సెల్ Gaussian Blur ఇవ్వండి. మంచు పొర వేయడం వల్ల మనిషి ఫోటోలో ఉన్న నాయిస్ కూడా మూడో వంతు తగ్గిపోతుంది, రోడ్డు ఫోటోలో మాత్రం పూర్తిగా ఉంటుంది. అందుకే చివర్లో అన్నిటి పైనా ఒక 50 శాతం గ్రే లేయర్ Overlay మోడ్‌లో పెట్టి, `Filter > Noise > Add Noise` లో Gaussian, Monochromatic ఎంచుకుని 2 శాతం దగ్గర ఇవ్వండి. వాట్సాప్‌లో పంపినప్పుడు మంచులో వచ్చే చారలను కూడా ఈ గింజ కొంత ఆపుతుంది.

ముందు తేలే మంచు తెర

ఇంతవరకూ వేసింది గాలిలో సమంగా పరుచుకున్న మంచు. దాని పైన పలచని తెర ఒకటి మనిషినీ రోడ్డునూ కలిపి దాటుతూ వెళితే ఇద్దరూ ఒకే చోట ఉన్నారన్న నమ్మకం బలపడుతుంది. ఇది క్లిప్ చేయని లేయర్, గింజ కింద, మిగతా అన్నిటి పైన ఉండాలి. కొత్త లేయర్‌లో ముందు రంగు మంచు రంగు, వెనక రంగు నలుపు పెట్టి `Filter > Render > Clouds` వేయండి. మోడ్ Screen చేసి, `Ctrl+T` తో అడ్డంగా 300 శాతం సాగదీసి, 40 పిక్సెళ్ల బ్లర్ ఇచ్చి ఓపాసిటీ 10 నుంచి 15 మధ్య ఉంచండి. మాస్క్‌లో పెద్ద మెత్తటి బ్రష్‌తో పైభాగం తీసేసి, మోకాళ్ల ఎత్తులో ఉంచండి. మనిషి కంటే చిన్న చిన్న సుడులు కనిపిస్తే అది మంచులా కాక పొగలా కనిపిస్తుంది. ఇంకా సాగదీయండి, ఇంకా బ్లర్ చేయండి.

దూరపు మసక అయితే

గోల్కొండ మీద నిలబడి హైదరాబాద్ వైపు తీసిన ఫోటోలో ఉండేది మంచు కాదు, ధూళి మసక. అది కిలోమీటర్ల దూరంలో పనిచేస్తుంది. నాలుగు మీటర్ల దూరంలో నిలబెట్టిన మనిషి మీద దాని వాటా దాదాపు సున్నా. అతని నలుపు నలుపుగానే ఉండాలి. దూరపు భవనాలను చూసి మనిషి మీద కూడా నీలిమసక వేయడం ఇక్కడ జరిగే తప్పు. పై సూత్రంలో మనిషి నిలబడిన దూరంలోనే ఉన్న నలుపు పెట్టి చూస్తే ఓపాసిటీ 2, 3 శాతం కూడా రాదు, అప్పుడు వదిలేయడమే.

వాన అయితే

వానలో మంచు లెక్క మారదు. జోరు వాన కూడా దూరాన్ని తెల్లబరుస్తుంది, కాబట్టి నలుపు కొలిచి పొర వేయడం మొదట అలాగే చేయండి. అదనంగా వచ్చేది చారలు. వాటి పొడవును కూడా కొలవవచ్చు. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో పడుతుంది. షట్టర్ 1/60 అయితే ఆ సమయంలో 11 సెంటీమీటర్లు దిగుతుంది. మన మనిషి దగ్గర 1.5 మీటర్లు 400 పిక్సెళ్లు కాబట్టి ఆ చార 29 పిక్సెళ్లు. షట్టర్ 1/250 అయితే 7 పిక్సెళ్లు చాలు. షట్టర్ వేగం ఫోటో ఫైల్ వివరాల్లో ఉంటుంది, ఊహించకండి.

నల్లగా నింపిన లేయర్‌లో Add Noise వేసి, Levels తో చాలా గింజలను చంపి కొన్నిటినే మిగల్చండి. `Filter > Blur > Motion Blur` లో కోణం 80 డిగ్రీలు, దూరం 29 ఇచ్చి Screen మోడ్‌లో పెట్టండి. చారలు మసకబారితే ఇంకోసారి Levels. ఇలాంటివి మూడు కావాలి. మనిషి వెనక 15 పిక్సెళ్ల చిన్న చారలు దట్టంగా, మనిషి వరుసలో 29వి, కెమెరాకు మూడు మీటర్ల దగ్గర పడేవి 145 పిక్సెళ్లవి. ఈ చివరివి ఫోకస్‌లో ఉండవు కాబట్టి వెడల్పుగా బ్లర్ చేసి, చాలా కొద్దిగా, 20 శాతం ఓపాసిటీలో ఉంచండి. మూడింటి కోణం ఒకటే ఉండాలి. తెల్లటి ఆకాశం మీద చారలు కనిపించకపోతే పెంచకండి, నిజంగానూ అవి ముదురు చెట్ల ముందూ, నల్ల చొక్కా ముందూ మాత్రమే కనిపిస్తాయి.

వానలో పొడి బట్టలు మోసాన్ని బయటపెడతాయి. భుజాల మీదా, జుట్టు మీదా తడి ముదురు రంగు కావాలి. Curves ను క్లిప్ చేసి, కిందికి దించి, మాస్క్‌లో భుజాలు, పైచేతులు, తల పైభాగం మాత్రం తెరవండి. తడి రోడ్డు మీద మనిషి ప్రతిబింబం కూడా ఉండాలి. మనిషిని, అతని మంచు పొరతో సహా, తలకిందులు చేసి పాదాలకు అతికించి, నిలువుగా 20 పిక్సెళ్ల Motion Blur ఇచ్చి 25 శాతం దగ్గర ఉంచండి. ప్రతిబింబానికి మంచు పొర మరిచిపోతే, రోడ్డు మీద ఉండాల్సిన దానికంటే ముదురైన ప్రతిబింబం కనిపిస్తుంది. Threshold లేయర్‌ను మళ్లీ ఒకసారి వెలిగించి అంకెను మెల్లగా పెంచితే అది దొరుకుతుంది.